దస్తావేజు వెనక పేజీలో డబ్బు లెక్క

ఫ్లాటు కొన్నవాళ్లను రిజిస్ట్రేషన్‌కి ఎంతయిందని అడిగితే చాలామంది ఓ రౌండ్ ఫిగర్ చెబుతారు. ఐదు లక్షలనో, ఐదున్నరనో అంటారు. అందులో ప్రభుత్వానికి కట్టింది ఎంత, డాక్యుమెంట్ రైటర్‌కు ఇచ్చింది ఎంత, పైఖర్చులు ఎంత అని విడదీయమంటే మాత్రం ఫోన్ తీసి గ్యాలరీలో వెతుకుతారు. అక్కడ నాలుగైదు ఫొటోలుంటాయి. ఒక చలానా, ఇంకో చలానా, బ్యాంకు మెసేజ్ స్క్రీన్‌షాట్, డాక్యుమెంటులో ఏదో పేజీ. ఒక్కో దాంట్లో ఒక్కో అంకె. విచిత్రమేమిటంటే ఆ అంకెలన్నీ నిజమే. కాకపోతే ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు.

ఆ ఫొటోల్లోంచి స్టాంప్ డ్యూటీ ఎంత, రిజిస్ట్రేషన్ ఫీజు ఎంత, మొత్తం కట్టింది ఎంత అన్నది తప్పులేకుండా ఎలా తీసి రాసుకోవాలో చూద్దాం. తెలంగాణలో ఫ్లాటు కొన్న ఒక కుటుంబాన్ని ఊహించుకుని లెక్క మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. మనుషులు కల్పితం, కాగితాల తీరు మాత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనిపించేదే.

హైదరాబాద్‌లో పాత ఫ్లాటు. అమ్మకందారుతో కుదిరిన ధర 56 లక్షలు. 2024 జూన్‌లో రిజిస్ట్రేషన్. ప్రభుత్వ మార్కెట్ విలువ లెక్క కట్టేసరికి 60 లక్షలు తేలింది. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదే డ్యూటీ వేస్తారు కాబట్టి 60 లక్షల మీద కట్టాలి. తెలంగాణలో 2021 జూలై 22 నుంచి అమ్మకం దస్తావేజుకు స్టాంప్ డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు అర శాతం. అంటే వరసగా 3,30,000, 90,000, 30,000 రూపాయలు. వీటికి యూజర్ ఛార్జీలు, మ్యుటేషన్ ఫీజు తోడవుతాయి. మన ఉదాహరణలో వాటిని 1,000, 6,000 అనుకుందాం. అన్నీ కలిపితే 4,57,000 రూపాయలు.

ఈ కుటుంబం ముందు 56 లక్షల ధర మీదే లెక్కేసుకుని జూన్ 14న ఒక చలానా కట్టింది. రిజిస్ట్రేషన్ రోజున ఆఫీసులో విలువ 60 లక్షలని తేలడంతో జూన్ 18న తగ్గిన మొత్తానికి ఇంకో చలానా కట్టాల్సి వచ్చింది. ఇలా రెండు విడతలుగా కట్టడం అరుదేమీ కాదు. లెక్కలో గందరగోళం మొదలయ్యేది కూడా ఇక్కడే.

ఏ కాగితం ఏం చెబుతుంది

ముందుగా చలానా. ఆన్‌లైన్‌లో తీసిన చలానా ప్రింటులో ఒకే కాగితం మీద పక్కపక్కనే రెండు ప్రతులుంటాయి. ఒకటి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు, ఒకటి కట్టినవాళ్లకు. రెండింట్లోనూ అవే పేర్లు, అవే అంకెలు. ఫోన్‌లోని అక్షరాలు గుర్తించే యాప్‌తో ఈ ఫొటోను చదివిస్తే అది ఎడమ నుంచి కుడికి వరస మొత్తం లాగేస్తుంది. అప్పుడు ‘స్టాంప్ డ్యూటీ 307900 స్టాంప్ డ్యూటీ 307900’ అని వస్తుంది. తొందరలో ఉన్నవాళ్లు ఇవి రెండు చెల్లింపులనుకుని కూడేస్తారు. చలానా ఫొటోను చదివించే ముందు నిలువునా సగానికి కత్తిరించడం మేలు.

చలానా తీసినంత మాత్రాన డబ్బు కట్టినట్టు కాదని కూడా గుర్తుంచుకోవాలి. వివరాలు నింపగానే ప్రింటు వస్తుంది, డబ్బు తర్వాత పోతుంది. ట్రాన్సాక్షన్ ఐడీ గానీ, బ్యాంకులో కట్టి ఉంటే బ్యాంకు ముద్ర గానీ లేని చలానా ఫొటోను చెల్లింపు రుజువుగా దాచుకుని ప్రయోజనం లేదు.

చలానా నంబరుతో చిన్న సౌకర్యం ఉంది. ఈ నంబర్లు సాధారణంగా 482KDM140624 తరహాలో ఉంటాయి. మొదట మూడు అంకెలు, తర్వాత మూడు అక్షరాలు, చివర ఆరు అంకెలు. ఆ చివరి ఆరూ తేదీయే, 14-06-24. ఫొటోలో సున్నాకూ ఇంగ్లిష్ ఓ అక్షరానికీ, ఒకటికీ ఐ అక్షరానికీ తేడా తెలియనప్పుడు ఈ అమరిక ఆదుకుంటుంది. మధ్య మూడు స్థానాల్లో అంకె వచ్చినా, చివరి ఆరు స్థానాల్లో అక్షరం వచ్చినా చదవడంలో తప్పు జరిగినట్టే. పక్కన ముద్రించిన తేదీతో చివరి ఆరు అంకెలు కలవకపోయినా అంతే.

రెండోది బ్యాంకు మెసేజ్. ఖాతాలోంచి ఎంత పోయిందో అది చెబుతుంది. ఆన్‌లైన్ చెల్లింపులో గేట్‌వే రుసుము, దాని మీద జీఎస్టీ పడితే చలానా మొత్తానికి పైన కొన్ని రూపాయలు ఎక్కువ కనిపిస్తాయి. అవి స్టాంప్ డ్యూటీలో భాగం కావు. మధ్యలో ఫెయిలై వెనక్కి వచ్చిన చెల్లింపు స్క్రీన్‌షాట్ కూడా గ్యాలరీలో ఉండిపోతుంది. దాన్నీ కలిపి లెక్కేస్తే కట్టింది రెట్టింపయి కూర్చుంటుంది.

అసలైన కాగితం మూడోది. అది రిజిస్టరైన దస్తావేజులో సబ్ రిజిస్ట్రార్ రాసే ఎండార్స్‌మెంట్. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో మొదలైన కార్డ్ కంప్యూటర్ విధానం నుంచి వచ్చిన వరవడి ఇది. మామూలుగా దీన్ని దస్తావేజు కాగితాల వెనక వైపున ముద్రిస్తారు. డాక్యుమెంటును ఫోన్‌తో ఫొటోలు తీసేవాళ్లు ముందు వైపు పేజీలు వరసగా తీసేసి, వెనక వైపు ఏవో ఫొటోలూ వేలిముద్రలే కదా అని వదిలేస్తారు. డబ్బు లెక్క ఉండేది అక్కడే.

అడ్డం, నిలువు

ఎండార్స్‌మెంట్‌లో ఒక పట్టిక ఉంటుంది. ఎడమ అంచున ఏ ఖాతా కింద కట్టారన్నది రాసి ఉంటుంది. స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, యూజర్ ఛార్జీలు, మ్యుటేషన్ ఫీజు, అట్టడుగున మొత్తం. పై వరసలో ఏ రూపంలో కట్టారన్నది. స్టాంప్ పేపర్లు, స్టాంప్ చట్టం 41వ సెక్షన్ కింద చలానా, ఇ-చలానా, నగదు, 16వ సెక్షన్ కింద స్టాంప్ డ్యూటీ, డీడీ లేదా పే ఆర్డర్, చివర మొత్తం. చాలా గడుల్లో సున్నాలే ఉంటాయి.

మన కుటుంబం పట్టికను ఇలా ఊహించుకోండి.

| ఖాతా | స్టాంప్ పేపర్లు | ఇ-చలానా | మొత్తం |
|---|---|---|---|
| స్టాంప్ డ్యూటీ | 100 | 329900 | 330000 |
| ట్రాన్స్‌ఫర్ డ్యూటీ | 0 | 90000 | 90000 |
| రిజిస్ట్రేషన్ ఫీజు | 0 | 30000 | 30000 |
| యూజర్ ఛార్జీలు | 0 | 1000 | 1000 |
| మ్యుటేషన్ ఫీజు | 0 | 6000 | 6000 |
| మొత్తం | 100 | 456900 | 457000 |

మొదటి వరసలో ఉన్న ఆ వంద రూపాయలు చూడండి. దస్తావేజు రాసింది వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద. ఆ వంద కూడా స్టాంప్ డ్యూటీ కింద కట్టినట్టే లెక్క. అందుకే చలానాలో 3,30,000 బదులు 3,29,900 కడితే సరిపోయింది. కొన్నవాళ్లు చలానా చూసి 3,29,900 అని రాసుకుంటారు, ఆడిటర్ దస్తావేజు చూసి 3,30,000 అంటాడు. ఇద్దరిదీ తప్పు కాదు. రికార్డులో స్టాంప్ డ్యూటీ అని రాసుకోవాల్సింది చివరి గడిలోని 3,30,000. బ్యాంకు లావాదేవీతో సరిపోల్చుకోవాల్సింది మాత్రం ఇ-చలానా గడి కింద ఉన్న 4,56,900.

ఇప్పుడు రెండు చలానాలూ పక్కన పెట్టుకుందాం. మొదటిది 56 లక్షల లెక్కన కట్టింది. స్టాంప్ డ్యూటీ 3,07,900, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 84,000, రిజిస్ట్రేషన్ ఫీజు 28,000, యూజర్ ఛార్జీలు 1,000, మ్యుటేషన్ 5,600, వెరసి 4,26,500. రెండోది తేడాకు కట్టింది. 22,000, 6,000, 2,000, 400, వెరసి 30,400. రెండూ కూడితే 4,56,900. పట్టికలో ఇ-చలానా కింద ఉన్న అంకెతో అచ్చంగా సరిపోయింది. అంటే ఏ చలానా ఫొటో తప్పిపోలేదు, ఏదీ రెండుసార్లు లెక్కలోకి రాలేదు. ఇలా సరిపోలకపోతే ఫొటోల్లో ఒకటి తక్కువో ఎక్కువో ఉందని అర్థం.

పట్టిక కిందే రెండు మూడు వరసల వచనం ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఉండే ఆ వాక్యం భావం ఇది: ట్రాన్స్‌ఫర్ డ్యూటీతో కలిపి స్టాంప్ డ్యూటీ కింద 419900 రూపాయలు, రిజిస్ట్రేషన్ ఫీజు కింద 30000 రూపాయలు, 6000000 రూపాయల విలువ మీద, ఫలానా ఇ-చలానా ద్వారా పార్టీ చెల్లించారు. ఈ 4,19,900 ఎక్కడిదని కంగారు పడేవాళ్లున్నారు. చలానాలో కట్టిన స్టాంప్ డ్యూటీ 3,29,900కి ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 90,000 కలిపితే వచ్చేదే అది. స్టాంప్ పేపర్ వంద ఇందులో ఉండదు. ఈ వాక్యంలోంచి అంకె తీసి ‘స్టాంప్ డ్యూటీ’ అని రాసుకుంటే ట్రాన్స్‌ఫర్ డ్యూటీ అందులో కలిసిపోతుంది. పట్టికలోంచి ట్రాన్స్‌ఫర్ డ్యూటీ మళ్లీ విడిగా రాసుకున్నారంటే 90,000 రెండుసార్లు పడుతుంది. నా సలహా ఒక్కటే. అంకెలు పట్టికలోంచి తీసుకోండి, వచనాన్ని సరిచూసుకోవడానికి వాడుకోండి.

ఆ తర్వాతి వరసల్లో ఆన్‌లైన్ చెల్లింపు వివరాలు ఉంటాయి. కట్టిన మొత్తం, తేదీ, బ్యాంకు పేరు, బ్యాంకు రిఫరెన్స్ నంబరు, డబ్బు కట్టినవారి పేరు, రాసిచ్చినవారి పేరు, రాయించుకున్నవారి పేరు. ఒకటికి మించి చెల్లింపులుంటే ఒకటి, రెండు అని వరస వేసి చూపిస్తారు. డబ్బు కట్టినవారి పేరు దగ్గర ఒక్క క్షణం ఆగండి. చాలా సందర్భాల్లో కొన్నవాళ్లు డాక్యుమెంట్ రైటర్ చేతిలో నగదు పెడతారు, ఆయన తన ఖాతాలోంచి కట్టేస్తాడు. అప్పుడు అక్కడ ఆయన పేరో, ఆయన దగ్గర పనిచేసే కుర్రాడి పేరో కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్‌కు దానివల్ల ఇబ్బంది లేదు. పన్ను మినహాయింపు అడిగినప్పుడు ఆ డబ్బు మీరే కట్టారని చూపించాల్సి వస్తే మాత్రం వెతుకులాట తప్పదు. సొంత ఖాతాలోంచి కట్టుకోవడమే సుఖం.

రెండు సెక్షన్ల సంగతి

పట్టికలో కనిపించే రెండు సెక్షన్ నంబర్ల గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే వాటిని చూసి అపార్థం చేసుకునేవాళ్లు ఎక్కువ.

41వ సెక్షన్ అన్న మాట పక్కన కొన్ని దస్తావేజుల్లో ‘లోటు స్టాంప్ డ్యూటీ’ వసూలు చేసినట్టు ధ్రువీకరణ కూడా ఉంటుంది. తాము తక్కువ కట్టామని, జరిమానా పడిందని కొందరు భయపడతారు. అదేం కాదు. దస్తావేజు రాసింది వంద రూపాయల కాగితం మీద, కట్టాల్సింది లక్షల్లో. ఆ మిగతా మొత్తాన్ని చలానాతో వసూలు చేసి, సరిపడా డ్యూటీ పడిందని 1899 నాటి స్టాంప్ చట్టం ప్రకారం సర్టిఫై చేస్తారు. కాగితం విలువకు, కట్టాల్సిన డ్యూటీకి మధ్య తేడానే అక్కడ లోటు అంటున్నారు.

16వ సెక్షన్ కింద గడి మరింత జాగ్రత్తగా చూడాల్సింది. ముందు ఒక అగ్రిమెంటును డ్యూటీ కట్టి రిజిస్టర్ చేయించుకుని, తర్వాత దాని ఆధారంగా సేల్ డీడ్ చేయించుకున్నారనుకోండి. అగ్రిమెంటు మీద కట్టిన డ్యూటీలో సర్దుబాటుకు వీలున్న భాగాన్ని సేల్ డీడ్‌లో మినహాయిస్తారు. ఆ మినహాయింపు ఈ గడిలో పడుతుంది. అంటే ఆ అంకె ఇవాళ మీ జేబులోంచి పోయింది కాదు, ఎప్పుడో కట్టినది. మొత్తం గడిలో మాత్రం అదీ కలిసే ఉంటుంది. అగ్రిమెంటు రసీదును ఒక వరసలో, సేల్ డీడ్ మొత్తాన్ని ఇంకో వరసలో రాసుకుని కూడితే అదే డబ్బు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ఈ గడిలో సున్నా కాక వేరే అంకె కనబడితే పాత డాక్యుమెంటు నంబరు కూడా పక్కన రాసుకోవాలి.

ఫొటో ఎక్కడ మోసం చేస్తుంది

కాగితం చేతిలో ఉంటే ఇంత గొడవ లేదు. అసలు దస్తావేజు బ్యాంకు లాకర్‌లో ఉంటుంది, ఇంటి అప్పు తీసుకుంటే తీరేదాకా బ్యాంకు దగ్గరే ఉంటుంది. మనకు మిగిలేది ఫొటోయే. అందులో అంకెలు కొన్ని పద్ధతుల్లోనే చెడతాయి, ఆ పద్ధతులు తెలిస్తే పట్టుకోవడం సులువు.

ఎండార్స్‌మెంట్‌లో అంకెలకు కామాలుండవు. 6000000 అని గుడ్డిగా ఉంటుంది. ఆరు లక్షలా, అరవై లక్షలా అన్నది సున్నాలు లెక్కపెట్టుకుంటే గానీ తెలియదు. దానికి తోడు అంకె చివర మనవాళ్లు పెట్టే ఏటవాలు గీత, అడ్డగీత ఉంటాయి. 30000/- అన్నదాన్ని అక్షరాలు గుర్తించే యాప్ ఒక్కోసారి 300001 అని చదువుతుంది, ఏటవాలు గీత దానికి ఒకటిలా కనిపిస్తుంది. ముప్పై వేల ఫీజు మూడు లక్షలయిపోతుంది. డ్యూటీ, ఫీజు అంకెలు సాధారణంగా సున్నాతోనో, గుండ్రంగానో ముగుస్తాయి. చివర ఒంటరిగా ఒకటి కనబడితే అనుమానించాలి.

కాగితం పలచనైతే అవతలి వైపు ముద్రణ, ముద్రలు ఇవతలికి తేలతాయి. ఫొటో తీసేటప్పుడు పేజీ కింద నల్ల అట్ట పెడితే ఈ బెడద చాలావరకు పోతుంది. ఆఫీసు గుండ్రటి ముద్ర సరిగ్గా అంకె మీద పడితే 3 కాస్తా 8 అవుతుంది. ఏటవాలుగా తీసిన ఫొటోలో వరసలు వాలి ఒక గడి అంకె పక్క వరసలోకి జారినట్టు కనిపిస్తుంది. సున్నాల గడులు మసకబారి మాయమైతే యాప్ మిగిలిన అంకెలను ఎడమకు జరిపేసి, ఇ-చలానా అంకెను స్టాంప్ పేపర్ల కింద చూపిస్తుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గి సన్నటి అంకెలు అలుక్కుపోతాయి. అందుకే దాన్ని డాక్యుమెంటుగా పంపమని అడగాలి.

ఇంత జరిగినా పట్టికకు తన తప్పు తానే చెప్పుకునే గుణం ఉంది. ప్రతి అంకె ఒక అడ్డు వరసలోనూ, ఒక నిలువు వరసలోనూ ఉంటుంది, రెంటికీ చివర మొత్తం ఉంది. మన పట్టికలో 329900ని యాప్ 829900 అని చదివిందనుకుందాం. స్టాంప్ డ్యూటీ అడ్డు వరస కూడితే 8,30,000 వస్తుంది, కాగితం మీద 3,30,000 ఉంది. ఇ-చలానా నిలువు వరస కూడితే 9,56,900 వస్తుంది, కాగితం మీద 4,56,900 ఉంది. రెండుచోట్లా తేడా సరిగ్గా 5 లక్షలే. ఆ అడ్డూ నిలువూ కలిసే గడిలోనే తప్పుంది, దాని మొదటి అంకెలోనే ఉంది. ఫొటోను పెద్దది చేసి ఆ ఒక్క గడి చూస్తే చాలు. అడ్డు వరస ఒక్కటే తప్పి నిలువు వరసలన్నీ సరిపోతే, తప్పు ఆ వరస చివరి మొత్తంలో ఉండవచ్చు.

చేత్తో నోట్ చేసుకునేవాళ్లు చేసే తప్పు వేరే రకం, పక్కపక్క అంకెలు తారుమారు చేస్తారు. 329900 బదులు 392900 అని రాస్తారు. అప్పుడు తేడా 63,000. ఇలా పక్కపక్క అంకెలు తారుమారైనప్పుడు తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతుంది. పాతకాలం గుమాస్తాలకు తెలిసిన కిటుకు ఇది. తేడా తొమ్మిదితో పోతే ముందుగా అంకెల తారుమారు కోసం వెతకండి.

దీని తర్వాత శాతాల పరీక్ష. చదివిన 60 లక్షల విలువకు 5.5 శాతం, 1.5 శాతం, అర శాతం వేసి చూస్తే వరసగా మూడు మొత్తాలూ రావాలి. పై అంకెకు సరిచేయడం వల్ల కొద్ది రూపాయలు అటూ ఇటూ కావచ్చు. వేలల్లో తేడా వస్తే విలువలోనో, డ్యూటీలోనో సున్నా పోయినట్టు.

ఇక్కడో చిక్కుంది. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకం దస్తావేజుకు స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతంగా ఉంటూ వచ్చింది. అదే 60 లక్షలకు 3,00,000, 90,000, 60,000. కూడితే 4,50,000. తెలంగాణలోనూ ఈ మూడూ కలిపితే 4,50,000 రూపాయలే, ఎందుకంటే రెండుచోట్లా వెరసి ఏడున్నర శాతమే. విజయవాడ రసీదును హైదరాబాద్ శాతాలతో పరీక్షిస్తే మొత్తం సరిపోయి, విడి అంకెలు మాత్రం తప్పినట్టు కనిపిస్తాయి. మొత్తం సరిపోయింది కదా అని అక్కడితో ఆగకూడదు. పాత రసీదులకైతే అప్పటి రేట్లే వాడాలి. తెలంగాణలో 2021 జూలైకి ముందు స్టాంప్ డ్యూటీ 4 శాతమే, మూడూ కలిపి 6 శాతం.

60 లక్షలు ధర కాదు

ఎండార్స్‌మెంట్‌లో కనిపించే 60 లక్షలు డ్యూటీ లెక్కకు తీసుకున్న విలువ. ఇల్లు కొన్న ధర 56 లక్షలే, అది దస్తావేజు ముందు పేజీల్లో వచనంలో ఉంటుంది. రికార్డులో ఈ రెండింటికీ వేరువేరు గడులుండాలి. ఈసీ తీస్తే అందులో మార్కెట్ విలువ, ప్రతిఫలం రెండూ విడివిడిగా కనిపిస్తాయి కాబట్టి అక్కడ సరిచూసుకోవచ్చు. ఈసీలో స్టాంప్ డ్యూటీ మాత్రం ఉండదు. విలువ 50 లక్షలు దాటింది కనుక కొన్నవాళ్లు అమ్మకందారు తరఫున ఒక శాతం టీడీఎస్ కూడా కట్టాలి. 2022 ఏప్రిల్ నుంచి దాన్ని ధర, స్టాంప్ విలువల్లో ఎక్కువదాని మీద లెక్కిస్తున్నారు. ఆ డబ్బు అమ్మకందారు ధరలోంచి కోసి కట్టేది. అది ఈ పట్టికలో కనిపించదు, రిజిస్ట్రేషన్ ఖర్చులోకీ రాదు.

ఇంత శ్రమ ఎందుకంటే, ముందుగా ఆదాయపు పన్ను. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఇల్లు కొన్నప్పుడు కట్టిన స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, బదిలీకి అయిన ఇతర ఖర్చులు 80సి మినహాయింపులోకి వస్తాయి. పీఎఫ్, ఎల్ఐసీలతో కలిపి ఏడాదికి లక్షన్నర పరిమితి. కొత్త విధానంలో ఇది లేదు, ఖాళీ ప్లాటుకు ఎటూ లేదు. ఇక్కడ చలానా తేదీయే కీలకం. కట్టిన ఆర్థిక సంవత్సరంలోనే అడగాలి. మార్చి 30న చలానా కట్టి ఏప్రిల్ 2న రిజిస్టర్ చేయించుకుంటే రెండు తేదీలు రెండు సంవత్సరాల్లో పడతాయి. దస్తావేజు తేదీ ఒక్కటే రాసుకున్నవాళ్లు ఇక్కడ దొరికిపోతారు.

అంతకంటే పెద్దది ఇల్లు అమ్మేనాటి లెక్క. కొన్న ధరకు స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపితేనే అసలు ఖర్చు. మన ఉదాహరణలో డ్యూటీలు, ఫీజు కలిపి 4,50,000. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం చొప్పున చూస్తే, ఈ మొత్తాన్ని ఖర్చులో చూపకపోతే అదనంగా పడే పన్ను 56,250 రూపాయలు, సెస్సు వేరే. ఇందులో కొంత 80సి కింద ముందే చూపి ఉంటే ఆ సంగతి ఆడిటర్‌కు దాచకుండా చెప్పాలి.

రాసుకునేటప్పుడు ఒక్క వరస చాలు. డాక్యుమెంటు నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, దస్తావేజు ధర, డ్యూటీ లెక్కించిన విలువ, స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, మిగతావి, మొత్తం, ఒక్కో చలానా నంబరు, తేదీ, మొత్తం. డాక్యుమెంటు నంబరు దగ్గరా ఓ చిన్న ఉచ్చు ఉంది. ఎండార్స్‌మెంట్ పేజీ అంచున సీఎస్ నంబరు, డాక్యుమెంటు నంబరు రెండూ పక్కపక్కనే ఉంటాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. సీఎస్ అంటే చెక్ స్లిప్, రిజిస్టర్ కాకముందు ఆఫీసులో ఇచ్చే నంబరు. ఈసీకి, సర్టిఫైడ్ కాపీకి కావలసింది డాక్యుమెంటు నంబరు. డాక్యుమెంట్ రైటర్‌కు ఇచ్చిన ఫీజు, ఇతరత్రా ఖర్చులు విడి వరసలో రాసుకోండి, ప్రభుత్వానికి కట్టిన మొత్తంలో కలపకండి.

ఇంకొక్క మాట. ఈ పేజీల మీద మీ ఫొటోలు, వేలిముద్రలు ఉంటాయి. తెలంగాణలో 2018లో సిమ్‌కార్డులు అమ్మే ఓ వ్యక్తి రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, నకిలీ ముద్రలు తయారుచేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. అందుకని అంకెలు చదివించుకోవడానికి ఊరూపేరూ లేని ఉచిత వెబ్‌సైట్లలో పేజీ మొత్తాన్ని అప్‌లోడ్ చేయకండి. పట్టిక ఉన్న ముక్క వరకే కత్తిరించి, ఫోన్‌లోనే చదివించుకోండి. ఎంత పెద్దది చేసినా అంకె తేలకపోతే, కూడికలతోనూ పట్టుబడకపోతే ఊహించి రాయొద్దు. డాక్యుమెంటు నంబరు, సంవత్సరం ఇచ్చి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోండి, ఎండార్స్‌మెంట్ పేజీలు కూడా అందులో ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి.